ఒక గది, ఐదు తరగతులు, 18 పుస్తకాలు

ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీష్, గణితం, మూడేసి పుస్తకాలు. మూడు నుంచి ఐదు దాకా వాటికి తోడు పరిసరాల విజ్ఞానం, అంటే నాలుగేసి. మొత్తం 18. మా బడి నర్సంపేట వైపు ఒక తండాలో ఉంది, పిల్లలు 23 మంది. ఒకటిలో ఆరుగురు, రెండులో నలుగురు, మూడులో ఐదుగురు, నాలుగులో ముగ్గురు, ఐదులో ఐదుగురు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలి కాబట్టి కాగితం మీద మేమిద్దరం ఉన్నాం. కానీ ఒకరికి ట్రైనింగ్, ఇంకొకరికి మీటింగ్, లేదంటే పక్క ఊరి బడికి సర్దుబాటు, ఇట్లా ఏడాదిలో చాలా రోజులు నేనొక్కడినే ఉంటాను. ఇద్దరం ఉన్న రోజు కూడా ఒకరికి రెండు తరగతులు, ఇంకొకరికి మూడు తప్పవు.

నేను డీఎడ్ చదివినప్పుడు పాఠ్యపథకం అంటే ఒక తరగతి, ఒక పాఠం, ఒక పీరియడ్. టీచింగ్ ప్రాక్టీస్ కూడా అట్లనే చేయించారు. ఉద్యోగం వచ్చి మొదటిసారి ఇట్లాంటి బడిలో అడుగుపెట్టినప్పుడు నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే కాబట్టి పీరియడ్‌ను ఐదు ముక్కలు చేసుకున్నాను. ఒకటో తరగతి వాళ్లకు ఏడెనిమిది నిమిషాలు చెప్పి "రాసుకోండి" అని రెండో తరగతి దగ్గరికి పోవడం, అక్కడ మొదలుపెట్టేలోపు ఐదో తరగతి వాళ్లు "సార్, అయిపోయింది" అనడం, వాళ్లకు ఇంకో పేజీ చూపించి మళ్లీ వెనక్కి రావడం. సాయంత్రానికి గొంతు పోయేది. నెల రోజుల తర్వాత ఒకటో తరగతి పాప వాళ్ల అమ్మ బడికొచ్చి పలక చూపించి, "సార్, నెల సంది గివే గీతలు గీస్తున్నది, ఇంకేం చెప్తలేరా?" అని అడిగింది. ఆ పలక చూసిన తర్వాత ఐదు ముక్కల పద్ధతి వదిలేశాను. ఇప్పటికి పద్నాలుగేళ్లయింది, నాకు తెలిసి వచ్చింది రాస్తున్నాను.

అసలు తప్పు మన ఆలోచనలోనే ఉంది. బహుళ తరగతి బోధన అంటే ఐదు బళ్లను ఒకే గదిలో ఒకేసారి నడపడం అనుకుంటాం. అట్లా ఎవరివల్లా కాదు. గదిలో ఉన్నది 23 మంది పిల్లలు, వాళ్లను ఏ గంటకు ఎట్లా కూర్చోబెట్టాలన్నది మనం పెట్టుకోవాల్సిన లెక్క. తరగతి అన్నది హాజరు పట్టీకి అవసరం, చదువు నేర్పేటప్పుడు చాలాసార్లు అది అడ్డమే వస్తుంది. మా ఐదో తరగతిలో ఒక అబ్బాయి గుణింతాల దగ్గరే ఆగిపోయి ఉన్నాడు, మూడో తరగతి పాప ఐదో తరగతి వాచకం గడగడా చదువుతుంది. ఇద్దరినీ వాళ్ల వాళ్ల తరగతి వరుసలోనే కూర్చోబెడితే ఇద్దరికీ నష్టమే. 2022లో మన తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమం వచ్చినప్పుడు ముందు పరీక్ష పెట్టి పిల్లవాడు ఎక్కడున్నాడో చూసి అక్కణ్ణుంచి మొదలుపెట్టమన్నారు. చిన్న బళ్లకు ఇది చాలా పెద్ద మేలు, ఎందుకంటే మాకు ఎప్పటినుంచో కావాల్సింది ఇదే.

జూన్‌లో బడి తెరవగానే మొదటి రెండు వారాలు నేను పాఠం ముట్టుకోను. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకొని అక్షరాలు, పదాలు, ఒక చిన్న పేరా చదివిస్తాను, పుల్లల కట్టలు ఇచ్చి కూడిక, తీసివేత చేయిస్తాను. దాన్నిబట్టి తెలుగుకు మూడు గుంపులు, లెక్కలకు వేరే మూడు గుంపులు. గుంపులకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు పెట్టను, వేప, చింత, మోదుగ అంటాను. ఐదో తరగతి అబ్బాయి చిన్నపిల్లల మధ్య కూర్చోవాలంటే సిగ్గుపడతాడు, అది చిన్న విషయం కాదు, బడి మానేయడానికి చాలు. ఆ గుణింతాల అబ్బాయి తెలుగులో వేప గుంపు, కానీ లెక్కల్లో మోదుగ గుంపు. వాళ్ల నాన్నతో పత్తి కాంటా దగ్గరికి పోతుంటాడు కాబట్టి కిలోలు, క్వింటాళ్లు నోటితోనే చెప్పేస్తాడు. లెక్కల గంటలో వాడు ముందుంటే తెలుగు గంటలో చిన్నవాళ్ల పక్కన కూర్చోవడానికి అంత బాధపడడు. నెల నెలా గుంపులు మారుస్తాను. మార్చకపోతే అవే కొత్త తరగతులైపోతాయి.

తర్వాత గంటను పంచుకోవడం. గంటన్నర ఒక ముద్దగా తీసుకొని మూడు భాగాలు చేస్తాను. ఒక గుంపు నా దగ్గర, ఒక గుంపు జతలుగా, ఒక గుంపు ఎవరికి వారు. అరగంటకోసారి మారతారు. కొత్త విషయం ఏదైనా నా దగ్గరున్న అరగంటలోనే, మిగతా రెండు అరగంటల్లో తెలిసినదాన్నే గట్టి చేసుకోవడం. ఇక్కడే అందరం దెబ్బతింటాం, నేనూ చాలాసార్లు తిన్నాను. నా దగ్గర లేని రెండు గుంపులకు ఇచ్చే పని ముందురోజు సాయంత్రమే తయారు కాకపోతే ఆ గంట పోయినట్టే. "పాఠం చూసి రాయండి" అన్నది పని కాదు, పిల్లల్ని నిశ్శబ్దంగా ఉంచడం మాత్రమే. పిల్లవాడు నన్ను అడగకుండా మొదలుపెట్టగలగాలి, చేసింది తప్పో ఒప్పో తనే చూసుకోగలగాలి. అందుకే కార్డులు. ముందు వైపు లెక్క, వెనక జవాబు. పాత క్యాలెండర్లు, పెళ్లి పత్రికలు కత్తిరించి చేసినవి ఇప్పుడు మా దగ్గర 400 పైనే ఉన్నాయి.

ఈ కార్డుల ఆలోచన నాది కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం దీన్నే ఒక పూర్తి పద్ధతిగా చేశారు. గోడ మీద నిచ్చెన లాంటి పటం ఉంటుంది, ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు, పిల్లవాడు తన మెట్టు తనే చూసుకొని కార్డు తెచ్చుకుంటాడు, ఏది టీచర్ దగ్గర చేయాలో, ఏది తోటివాళ్లతో చేయాలో ఆ మెట్టే చెప్తుంది. తమిళనాడు ప్రభుత్వ బడుల్లోకి వెళ్లిన కార్యకలాపాల పద్ధతికి మూలం ఇదే. కొలంబియాలో 1970లలో మొదలైన కొత్త బడి ఉద్యమం కూడా పల్లెల్లోని ఇట్లాంటి చిన్న బళ్ల కోసం పుట్టిందే. కాబట్టి ఇది మన పేదరికం వల్ల వచ్చిన తిప్పలు మాత్రమే అనుకోవద్దు. మన వీధిబళ్లలో అసలు తరగతులే లేవు, పెద్ద పిల్లలు చిన్నవాళ్లతో ఇసుకలో అక్షరాలు దిద్దించేవాళ్లు. 1790లలో మద్రాసులో ఉన్న ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదరి అది చూసి ఇంగ్లండుకు పట్టుకుపోయాడు.

పెద్ద పిల్లలతో చెప్పించడం గురించి ఒక మాట. తండాలో ఇది చాలా అవసరం. ఒకటో తరగతికి వచ్చే పాప ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. అమ్మ అంటే యాడి, నీళ్లంటే పాణి. నేను "నీళ్లు" అంటే నా మొహం చూస్తుంది. నాలుగో తరగతి పిల్ల పక్కన కూర్చొని ఒక్కమాట చెప్తే అర్థమైపోతుంది, ఆ పని నేను చేయలేను. కానీ దీనికి హద్దు ఉండాలి. ఒకసారి ఒక తండ్రి వచ్చి, "సార్, మా బిడ్డ చదువుకోనీకి వస్తుందా, చెప్పనీకి వస్తుందా?" అని నిలదీశాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమం, ఏ పిల్లా రోజుకు ఇరవై నిమిషాలు మించి చెప్పకూడదు, ఒక్కరితోనే చెప్పించకూడదు, చెప్పేది తను కూడా మళ్లీ చూసుకోవాల్సిందే అయి ఉండాలి.

అన్ని తరగతులనూ కలిపి చెప్పే గంటలు రెండు ఉన్నాయి, రోజులో నాకు బాగా ఇష్టమైనవి కూడా అవే. ఒకటి పొద్దున పది నిమిషాల రోజుకో సంఖ్య. బోర్డు మీద 36 రాస్తాను. ఒకటో తరగతి వాళ్లు 36 చింతగింజలు లెక్కపెడతారు, రెండో తరగతి వాళ్లు పదులు, ఒకట్లు విడదీస్తారు, మూడోవాళ్లు 36లోంచి 19 తీసేస్తారు, నాలుగోవాళ్లు ఏ రెండు సంఖ్యలు గుణిస్తే 36 వస్తుందో వెతుకుతారు, ఐదోవాళ్లు కారణాంకాలన్నీ రాస్తారు. ఒకరు చేసేది ఇంకొకరు చూస్తుంటారు కాబట్టి రెండో తరగతి పిల్లవాడు ఒకరోజు "ఆరార్లు" అని అరిచాడు, వాడికి ఎక్కాలు నేను ఇంకా మొదలే పెట్టలేదు.

రెండోది పరిసరాల విజ్ఞానం. పాకాల చెరువు మాకు దగ్గరే, ఊరి చెరువు ఎట్లాగూ ఉంది. ఒక వారం మొత్తం చెరువే. చిన్నవాళ్లు బొమ్మ వేసి కట్ట, తూము, చేప అని పేర్లు రాస్తారు. మధ్యవాళ్లు చెరువు మీద ఆధారపడి బతికేవాళ్లెవరో అడిగి ఐదారు వాక్యాలు రాస్తారు. ఐదో తరగతి వాళ్లు ఇంటికిపోయి తాతల్ని అడగాలి, మత్తడి ఎప్పుడు దుంకింది, నీరటి ఏం పని చేసేవాడు, ఏ పొలానికి ముందు నీళ్లు వదిలేవాళ్లు అని. పుస్తకంలో ఉన్న నీటి వనరుల పాఠం ఇందులోనే వచ్చేస్తుంది. ఒక అధికారి తనిఖీకి వచ్చి "నాలుగో తరగతి ఈ వారం ఏ పాఠంలో ఉంది?" అని అడిగితే నా డైరీ చూపించాను, ఆయనకు నచ్చలేదు. మన పాఠ్యపథకం ఫారాలు ఒక టీచరుకు ఒక తరగతి అన్నట్టే ఉంటాయి. బడిలో పరిస్థితి వేరని అందరికీ తెలుసు, అయినా ఫారం మారదు.

ఇదంతా చదివి "అయితే ఒక్క టీచర్ చాలు కదా" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1987లో కేంద్రం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం పెట్టినప్పుడే బడికి కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలన్నారు. ఒక్కడినే ఉన్న రోజు భోజనం పిల్లల లెక్క, గుడ్లు, ఫోన్‌లో ఎక్కించే హాజరు, ఇవన్నీ నా దగ్గరున్న గుంపు అరగంటలోంచే పోతాయి. పిల్లలు తక్కువున్నారు కాబట్టి బడి మూసి పక్క ఊళ్లో కలపమనే మాట కూడా వింటున్నాం. ఆరేళ్ల పాప మెయిన్ రోడ్డు దాటి మూడు కిలోమీటర్లు పోదు, మిర్చి ఏరే రోజుల్లో దించివచ్చే మనిషి కూడా ఇంట్లో ఉండరు.

నాకు ఇప్పటికీ చేతకానిది ఒకటుంది. ఐదో తరగతి భిన్నాలు. కార్డులతో రాదు, జతలతో రాదు, పిల్లవాడి పక్కన కూర్చొని రొట్టె నాలుగు ముక్కలు చేసి, కాగితం మడతపెట్టి, తప్పు చేసిన ప్రతిసారీ ఎందుకట్లా అనుకున్నావని అడగాలి, దానికి అరగంట చాలదు. ఇంకో ఏడాదిలో వాళ్లు హైస్కూల్లో ఆరో తరగతిలో కూర్చుంటారు. ఈ ఏడు చివరి గంటలో చిన్నవాళ్లను కథల పుస్తకాలతో వరండాలో కూర్చోబెట్టి, తలుపు దగ్గర కుర్చీ వేసుకొని ఒక కన్ను అటు పెట్టి, ఆ ఐదుగురికి రోజూ నలభై నిమిషాలు ఇస్తున్నాను. ముగ్గురికి వచ్చింది. ఇద్దరు ఇంకా 1/4 కంటే 1/8 పెద్దదంటున్నారు. మీ బళ్లో దీన్ని ఎట్లా చెప్తున్నారో తెలిసినవాళ్లు చెప్పండి.