గ్రంథాలయ కేటలాగు బదిలీ: మీ లేఖ అందింది, పూర్తి సమాధానం జూన్ 24న

జూన్ 9, మంగళవారం

గ్రంథపాలకులు గారికి,

నమస్కారం. పాత కేటలాగును కొత్త వ్యవస్థలోకి మార్చడం గురించి మీరు నిన్న పంపిన లేఖ, పట్టిక అందాయి. రెండూ పూర్తిగా చదివాను. మీ ప్రశ్నలన్నిటికీ జూన్ 24, బుధవారం సాయంత్రం 5 గంటలలోగా రాతపూర్వకంగా సమాధానం పంపుతాను. జూలై 1న మీ కమిటీ సమావేశం ఉందన్నారు. ఆలోగా చదివి, సందేహాలుంటే నన్ను అడగడానికి మీకు వారం రోజుల వ్యవధి ఉండాలనే ఆ తేదీ పెట్టుకున్నాను.

మీరు కోరినవి నాకు అర్థమైనంతలో ఇవి: 62,000 రికార్డులు ఒక్కటీ పోకుండా తరలించడం, ఒకే పుస్తకానికి రెండు మూడు సార్లు నమోదైనవాటిని కలపడం, పాఠకులు గతంలో తీసుకున్న పుస్తకాల వివరాల్లో ఏవి ఉంచాలో తేల్చడం, వీటన్నిటికీ పట్టే రోజులు, అయ్యే ఖర్చు. ఏదైనా వదిలేస్తే వెంటనే తెలియజేయండి.

ఒక ప్రశ్నకు ఇప్పుడే జవాబివ్వగలను. 2007కు ముందునాటి పది అంకెల ఐఎస్‌బీఎన్‌కు ముందు 978 చేరిస్తే చాలా అని అడిగారు. చాలదు. చివరిది తనిఖీ అంకె కాబట్టి దాన్ని మళ్లీ లెక్కకట్టాలి. 0-306-40615-2 అనే సంఖ్య 978-0-306-40615-7 అవుతుంది. ఈ పని మా ప్రోగ్రాం చేస్తుంది, మీ సిబ్బంది ఒక్కొక్కటీ దిద్దనక్కర్లేదు. పాత సంఖ్యను కూడా రికార్డులో ఉంచుతాం. పుస్తకం అట్టమీద ఉన్న సంఖ్యతో వెతికినవారికి అది దొరికి తీరాలి.

నాకు సమయం కావలసింది ముఖ్యంగా రికార్డులను కలపడం దగ్గరే. పేరు, రచయిత ఒకటే అయినా అవి వేర్వేరు ముద్రణలు కావచ్చు, ఒకే రచనకు వేర్వేరు సంపుటాలు కావచ్చు. పొరపాటున కలిపేస్తే పుస్తకం అరలో ఉండి కూడా కేటలాగులో కనిపించదు. ఖర్చు సుమారుగానైనా చెప్పమన్నారు. పరీక్షించి చూడకుండా నేను చెప్పే అంకెను మీరు కమిటీ ముందు సమర్థించుకోవలసి వస్తుంది. మిమ్మల్ని ఆ స్థితిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

అందుకే జూన్ 12, శుక్రవారంలోగా 500 రికార్డుల నమూనా పంపగలరా? పాతవీ కొత్తవీ, ముఖ్యంగా మీకు ఇబ్బంది పెడుతున్నవీ కలిసి ఉంటే మేలు. పాఠకుల పేర్లు, ఫోను నంబర్లు మాత్రం తీసేసి పంపండి. నమూనా ఆలస్యమైతే కలపడానికి సంబంధించిన భాగం, దాని ఖర్చు మాత్రమే వెనక్కి జరుగుతాయి. మిగతా సమాధానాలు 24నే వస్తాయి.

పరీక్షలో అనుకోని చిక్కు ఎదురైతే 24 వరకు ఆగను, జూన్ 17నే మీకు రాస్తాను. ఈలోగా రెండు విన్నపాలు: పాత వ్యవస్థ ఒప్పందాన్ని రద్దు చేయకండి, రెండుసార్లు నమోదైనట్టు కనిపించే రికార్డులను తొలగించకండి.

ఈ పని బాధ్యత నాదే. ఏ సందేహమున్నా ఈ లేఖకే బదులివ్వండి, నేరుగా నాకే చేరుతుంది.

కృతజ్ఞతలతో,
బాధ్యురాలు, కేటలాగు బదిలీ విభాగం