మాట ముందుకు కదలడం లేదు: జర్మన్ టీచర్‌కు ఒక ఉత్తరం

మేడమ్ గారికి నమస్కారాలు.

క్లాసు అయిపోయే ముందు ఐదు నిమిషాల్లో అడిగి తేల్చుకునే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను. తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. జర్మన్‌లో రాస్తే నాకు చేతనైనంత మేరకే మీకు చేరుతుంది, నా ఇబ్బంది సరిగ్గా అక్కడే ఉంది.

నా మాట్లాడటం ఒకచోట ఆగిపోయింది. బి1 పరీక్ష పాసైనప్పటి నుంచి చదవడం, వినడం మెరుగవుతూనే ఉన్నాయి. రేడియోలో వార్తలు ఇప్పుడు చాలావరకు అందుతున్నాయి, మీరిచ్చే వ్యాసాలు డిక్షనరీ పెద్దగా తీయకుండానే చదువుతున్నాను. మాట మాత్రం పరీక్ష రోజున ఎలా ఉందో అలాగే ఉంది. పైకి చూస్తే ఇది కనబడదు. నేను తడబడను, మధ్యలో ఆగిపోను, అడిగినదానికి జవాబు చెప్తాను. అందుకే మీరు కూడా చాలాసార్లు "బాగా మాట్లాడుతున్నారు" అన్నారు. కానీ నేను వాడే వాక్యాలు ఎప్పుడూ అవే.

ఈ మధ్య నా మాటలు నేనే రికార్డు చేసుకుని, విన్నది విన్నట్టు కాగితం మీద రాసుకున్నాను. వింటున్నప్పుడు తెలియనివి రాసి చూస్తే తెలిశాయి. వాక్యాలన్నీ మన "ఇంకా", "కానీ", "ఎందుకంటే" లాంటి ఉంట్, ఆబర్, డెన్‌లతో గొలుసులా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. కారణం చెప్పాల్సిన ప్రతిచోటా డెన్. అదే అర్థమిచ్చే వైల్ దాదాపు లేదు. వైల్ అంటే క్రియను వాక్యం చివరికి తీసుకెళ్లాలి, డెన్‌తో ఆ పని లేదు, మామూలు వాక్యం లాగే నడిచిపోతుంది. డెన్ తప్పు కాదు కాబట్టి ఎవరూ దిద్దరు. ఇక్కడ ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. తెలుగులో క్రియ చివరే ఉంటుంది కదా, మనకిది తేలిక కావాలి. చిన్న వాక్యాల్లో తేలికే. గెహాప్ట్ హాబె లాంటివి రెండు క్రియలు కలిసి చివర నిలబడాల్సి వచ్చేసరికి నోరు డెన్ వైపు తిరుగుతోంది.

"అయినప్పటికీ" అనడానికి వాడే ఒబ్‌వోల్ నాకు చదివేటప్పుడు బాగా తెలుసు, రాసేటప్పుడు వాడతాను. నోట్లోంచి ఒక్కసారీ రాలేదు. దానికి బదులు "ఆబర్" అని రెండు వాక్యాలు చేస్తున్నాను. చేయడం, తయారుచేయడం, ఏర్పాటు చేయడం, పూర్తిచేయడం, అన్నింటికీ మాఖెన్ ఒక్కటే. నామవాచకం ఏ లింగమో చెప్పే డెర్, డీ, దాస్ ఖాయంగా తెలియని చోట విశేషణాల చివరి అక్షరాలు మింగేస్తున్నాను. వినేవాళ్లకు అది తప్పుగానూ వినబడదు, ఒప్పుగానూ వినబడదు. ఇక హెట్టె, వేర్ లాంటి రూపాలు. "ముందే తెలిసి ఉంటే వచ్చి ఉండేదాన్ని" అని చెప్పాలనుకుంటే "వెన్ ఇష్ ఎస్ గెవుస్ట్ హెట్టె, వేర్ ఇష్ గెకొమ్మెన్" అనాలని నాకు తెలుసు. అభ్యాసాల పుస్తకంలో ఖాళీ పూరించమంటే పూరిస్తాను. మాట్లాడేటప్పుడు మాత్రం "నాకు తెలియలేదు. రాలేదు. బాధగా ఉంది" అని మూడు ముక్కలు చేసి వదిలేస్తున్నాను.

ఇలా రాసుకున్నాక నాకు ఒకటి అర్థమైంది. నాకు పదాలు తక్కువై, వ్యాకరణం తెలియక మాట ఆగిపోలేదు. ఉన్నవాటితో నెట్టుకురావడం బాగా అలవాటైపోయింది. కష్టమైన వాక్యం రాబోతోందని తెలియగానే దాన్ని తప్పించుకునే దారి నోటికి ముందే తెలిసిపోతోంది. ఆ దారి వ్యాకరణపరంగా సరైనదే కాబట్టి నన్ను ఆపేవాళ్లు లేరు. వాడని రూపం నోటికి రాదు, నోటికి రానిది కాబట్టి మళ్లీ వాడను. ఈ చుట్టు తిరుగుతున్నాను.

ఇది నాకు ఎందుకంత ముఖ్యమో మీకు చెప్పాలి. మా వియ్యపురాలికి జర్మన్ తప్ప వేరే భాష రాదు. ఆదివారాలు ఫోన్‌లో మాట్లాడుకుంటాం. మంచి మనిషి, నాకోసం మెల్లగా మాట్లాడుతుంది. పిల్లల కబుర్లు, వాతావరణం, ఆరోగ్యం వరకు మా ఇద్దరికీ బాగానే గడుస్తుంది. ఈ మధ్య ఆవిడ తన భర్త జబ్బు గురించి చాలాసేపు చెప్పింది. ఇంకాస్త ముందు డాక్టర్‌కు చూపించి ఉంటే ఎలా ఉండేదో అని తనను తాను నిందించుకుంటోంది. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది. మీరు ముందే తీసుకెళ్లినా డాక్టర్లు ఇదే చెప్పి ఉండేవారేమో, అప్పటికి మీకు తెలిసినంతలో మీరు చేయగలిగిందంతా చేశారు అని చెప్పాలని నా మనసులో ఉంది. నేను చెప్పగలిగింది మాత్రం "చాలా బాధగా ఉంది. మీరు చాలా మంచివారు. జాగ్రత్త." ఆవిడ ధన్యవాదాలు చెప్పింది. నా వయసున్న మనిషి, ఎంతో జీవితం చూసిన మనిషి, ఆవిడకు ఇవ్వగలిగిన ఓదార్పు అది కాదు. తెలుగులో నేను ఎలాంటి మనిషినో జర్మన్‌లోనూ కొంతైనా అలాగే ఉండాలని నా కోరిక.

యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన భాషాస్థాయుల పట్టికలో బి1 వాళ్లు తమ అభిప్రాయాలకు కారణాలు క్లుప్తంగా చెప్పగలరని ఉంది. బి2 దగ్గరికి వచ్చేసరికి, ఆ భాష మాతృభాషగా ఉన్నవాళ్లతో ఇద్దరిలో ఎవరికీ శ్రమ లేకుండా మాట్లాడగలగాలని ఉంది. ఎవరికీ అన్న మాట దగ్గర నేను ఆగాను. మా మాటల్లో శ్రమంతా ఆవిడే పడుతోంది. నేను అనబోయింది ఊహించి, నా వాక్యాన్ని తన మనసులో పూర్తిచేసుకుంటోంది.

నేను చేసి చూసినవి చెప్తాను, మీకు పనికొస్తాయి. పదాల కార్డులు వదలకుండా చేస్తున్నాను. చూస్తే గుర్తుపడుతున్నాను గానీ, మాట్లాడేటప్పుడు ఆ పదాలు వాటంతట అవి రావు. రికార్డింగ్ వింటూ వాళ్ల వెనకాలే అనడం కూడా చేశాను. ఉచ్చారణ, వేగం బాగుపడ్డాయి, అది నిజం. కానీ అవి వాళ్ల వాక్యాలు, రికార్డింగ్ ఆపగానే మళ్లీ నా పాత వాక్యాలే. ఇంకొకటి, ఒకే విషయాన్ని మొదట 4 నిమిషాల్లో, తర్వాత 3 నిమిషాల్లో, చివర 2 నిమిషాల్లో చెప్పే పద్ధతి. ప్రతిసారీ వినేవాళ్లు మారాలట, నేను ఒంటరిగా చేశాను. మూడోసారికి మాట చాలా జోరుగా వచ్చింది. రాసి చూస్తే డెన్‌లు అలాగే ఉన్నాయి, మాఖెన్‌లు అలాగే ఉన్నాయి. అంటే నాకు అలవాటైన వాక్యాలే ఇంకా వేగంగా వస్తున్నాయి. నాకిప్పుడు వేగం అవసరం లేదనిపిస్తోంది. కాస్త వేగం తగ్గినా ఫర్వాలేదు, కొత్త వాక్యం రావాలి.

ఇక మిమ్మల్ని అడగాల్సినవి.

క్లాసులో నేను వాక్యం మొదలుపెట్టి ఆలోచిస్తుంటే మీరు ఎంతో ప్రేమగా మిగతాది అందిస్తారు. మొదట్లో అది నాకు చాలా ధైర్యం ఇచ్చింది, లేకపోతే నేను మానేసి ఉండేదాన్నేమో. ఇప్పుడు మాత్రం, మీకు అభ్యంతరం లేకపోతే, నన్ను ఆ మౌనంలో ఉండనివ్వండి. ఎంతసేపైనా సరే. నాకు టెన్షన్ ఉంటుంది, దాన్ని నేను పడతాను. నేను సులువు దారి పట్టగానే "అర్థమైంది, ఇప్పుడు అదే వైల్‌తో చెప్పండి" అని వెనక్కి తిప్పండి. మీకు అర్థమైందన్న కారణంతో నన్ను వదలకండి. అలా ఒక్క క్లాసంతా డెన్ వాడకూడదు, ఇంకో క్లాసంతా మాఖెన్ వాడకూడదు అని నియమం పెడితే ఎలా ఉంటుంది? నాకు తోచింది చెప్తున్నాను, ఇంతకంటే మంచి మార్గం మీకు తెలిసే ఉంటుంది.

దిద్దడం గురించి మీ సలహా కావాలి. అన్నీ దిద్దితే మాట సాగదు, ఏదీ దిద్దకపోతే ఇప్పటిలాగే ఉంటుంది. నెలకు ఒకటో రెండో ఎంచుకుని వాటినే పట్టుకుందామా? నన్ను అడిగితే ముందు వైల్, ఒబ్‌వోల్, ఆ తర్వాత హెట్టె, వేర్ అంటాను, ఎందుకంటే నేను చెప్పలేకపోతున్న విషయాలన్నీ వాటి అవతలే ఉన్నాయి. కానీ బయటినుంచి వినే మీకు వేరేది కనిపిస్తుండవచ్చు. డెర్, డీ, దాస్ పునాదే గట్టిగా లేదు, ముందు అక్కడికి వెనక్కి వెళ్లాలి అంటే నిర్మొహమాటంగా చెప్పండి, వెళ్తాను.

ఆ 4-3-2 పద్ధతిని కొంచెం మార్చి వాడొచ్చా అన్నది ఇంకో సందేహం. మొదటిసారి చెప్పాక మీరు నా మాటల్లో మూడు నాలుగు వాక్యాలను మార్చి ఇస్తే, వాటిని పెట్టి రెండోసారి, మూడోసారి చెప్తాను. అలా చేస్తే కొత్త వాక్యం నోటికి పడుతుందా, లేక కాసేపు గుర్తుండి పోతుందా? మీరు ఇంతమంది విద్యార్థులను చూశారు, ఇలా ఆగిపోయినవాళ్లలో కదిలినవాళ్లు ఏం చేసి కదిలారో తెలుసుకోవాలని ఉంది.

బి2 పరీక్షకు కూర్చోమంటారా అన్నది కూడా అడగాలి. గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బి2లో ఒక విషయం మీద ప్రసంగం, తర్వాత జతగా వచ్చినవాళ్లతో వాదన ఉంటాయి కదా. పక్షం తీసుకుని వాదించాలంటే ఒబ్‌వోల్ లేకుండా కుదరదు, అలాగైనా నా నోరు తిరుగుతుందేమో. మరోపక్క, బి1కి చేసినట్టే ఈసారీ తయారుచేసుకున్న వాక్యాలను అప్పజెప్పి గట్టెక్కుతానేమోనని భయం. సర్టిఫికెట్ నాకు అవసరం లేదు. మీ మాట ప్రకారం చేస్తాను.

రోజూ ఉదయం అరగంట నాకు ఖాళీ దొరుకుతుంది, దాన్ని మీరు చెప్పినట్టు వాడతాను. గురువారం క్లాసు అలాగే ఉంచండి.

ఈ ఉత్తరంతో పాటు నా రికార్డింగ్, దాన్ని రాసుకున్న కాగితం ఫొటో పంపుతున్నాను. తప్పించుకున్న చోట్ల ఎర్ర ఇంకుతో గీత గీశాను, నాకు తెలియకుండా జరిగినవి ఇంకా ఉండే ఉంటాయి, వాటిని మీరు గుర్తించాలి. మొత్తం వినే వీలు లేకపోతే, మా వియ్యపురాలికి చెప్పాలనుకున్నది చెప్పడానికి ప్రయత్నించిన చివరి భాగం ఒక్కటి వినండి. వచ్చే గురువారం పాఠం పక్కన పెట్టి, క్లాసు మొదటి సగం దానిమీదే కూర్చోగలమా? వీలైతే బుధవారంలోపు ఒక్క మాట తెలియజేయండి, ఆ వాక్యాలను మళ్లీ ప్రయత్నించి వస్తాను.

నమస్కారాలతో,
మీ విద్యార్థిని
మాధవి