ఫ్లాట్ 302 గ్రూప్: మే కరెంట్ బిల్లు

ఆదివారం

మౌనిక, 9:12
కరెంట్ బిల్లు వచ్చింది. 420 యూనిట్లు, 3,064 రూపాయలు. తలా 766. ఇవ్వాళే పంపేయండి ప్లీజ్, రేపు కట్టేస్తాను.

హారిక, 9:15
పంపాను.

దివ్య, 9:41
నేను 766 పంపను. ఏసీ మీ రూమ్‌లో ఉంది. ఫిబ్రవరిలో ఏసీ వెయ్యనప్పుడు 190 యూనిట్లకి 880 వచ్చింది. తలా 220. ఇప్పుడు మీ చల్లగాలికి నేనెందుకు కట్టాలి?

మౌనిక, 9:44
మరి నీ కూలర్? నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలంతా వేసుకుని పడుకుంటావు. అది కరెంట్ తాగదా?

దివ్య, 9:50
కూలర్‌కీ ఏసీకీ పోలికా? అసలు ఈ ఇంట్లో అన్నీ నా నెత్తినే. నిన్న ఐదున్నరకి షిఫ్ట్ నుంచి వచ్చేసరికి సింకులో గ్రైండర్ గిన్నె. అంచుల నిండా పిండి ఎండి పెచ్చులు కట్టింది. నానబెట్టి, చెంచాతో గీకితే గానీ రాలేదు. అలా పడుకున్నానో లేదో ఏడింటికి చెత్త బండి విజిల్. మళ్ళీ నేనే లేచి డబ్బా పట్టుకుని కిందికి పరిగెత్తాను. మీ ఇద్దరికీ ఆ విజిల్ ఎప్పుడూ వినపడదు. ఈ ఇంట్లో ఒక్కరూ ఒక్క పనీ చెయ్యరు.

హారిక, 9:53
ఒక్కరూ చెయ్యరా? పోయిన వారం రెండు బాత్రూమ్‌లూ కడిగింది ఎవరే?

దివ్య, 9:58
అడిగితే అంతే. సంక్రాంతి తర్వాత మా అమ్మ కంటి ఆపరేషన్‌కి వచ్చి ఇక్కడుంటే, ఆమె వినేలా "ఈ నెల ట్యాంకర్ ఎక్కువ పడుతుంది" అన్నావు మౌనికా. అప్పుడు మా అమ్మ వాడిన నీళ్లకి లెక్క ఉంది. ఇప్పుడు ఏసీకి లెక్క లేదా?

మౌనిక, 10:01
ఇప్పుడు అదెందుకు? అయితే నేనూ చెప్తాను. అగ్రిమెంట్ నా పేరు మీద ఉంది. ఐదో తారీఖు రాగానే ఓనర్ ఫోన్ నాకే వస్తుంది. నీ వాటా ఎప్పుడూ తొమ్మిదికో పదికో వస్తుంది. అందాకా నా జేబులోంచి పెడుతున్నాను. ఒక్కసారైనా అడిగానా?

శ్రావణి, 10:20
ఇప్పుడే చూశాను. కాసేపు ఇద్దరూ టైప్ చెయ్యకండి, నేను చెప్పేది వినండి.

అన్నీ ఒకే కుప్పలో పోస్తే ఏదీ తేలదు. నాకు కనపడుతున్నంతలో ఇవ్వాళ తేలాల్సినవి ఏసీ లెక్క, చెత్త, గిన్నెలు, మౌనిక ముందుగా కడుతున్న అద్దె. ఇవి నిజమైన ఇబ్బందులు, వీటికి దారి ఉంది. "ఒక్కరూ ఒక్క పనీ చెయ్యరు" అన్నది వారమంతా నిద్ర లేని మనిషి మాట. హారికా, దానికి నువ్వు సాక్ష్యాలు వెతకక్కర్లేదు. నువ్వు చేసే పని మాకు తెలుసు.

దివ్యా, అమ్మ సంగతి చిన్నది కాదు. కానీ అది కరెంట్ బిల్లులో తేలేది కాదు. ఈ నెల నువ్వు ఒక్క రూపాయి కట్టకపోయినా ఆ బాధ తగ్గదు. దాన్ని ఈ గ్రూపులో పెట్టకు, మౌనికతో ఎదురుగా మాట్లాడు. మౌనికా, నువ్వూ కాదనకూడదు.

మౌనిక, 10:24
సరే అక్కా. మాట్లాడతాను.

దివ్య, 10:26
నాకు ఇవ్వాళ వద్దు. కోపం తగ్గాక.

శ్రావణి, 10:27
నీ ఇష్టం. తొందరేం లేదు.

ఇక బిల్లు. తక్కువ కడితే నాకూ లాభమే, నేనూ ఏసీ లేని రూమ్‌లోనే ఉన్నాను. అందుకే లెక్క మొత్తం పెడుతున్నాను, మీరే చూసుకోండి. 200 లోపు ఉంటే మొదటి వంద యూనిట్లు 3.40, తర్వాతవి 4.80. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9, అది దాటితే 9.50. అంటే బిల్లులో మిగతా చార్జీలు పక్కన పెడితే, ఫిబ్రవరిలో 772 అయిన అవే 190 యూనిట్లు, ఈ స్లాబ్‌లో 969 అవుతున్నాయి. ఏసీ తన యూనిట్లతో ఆగలేదు, మన ఫ్యాన్ల రేటు కూడా పెంచింది.

హారిక, 10:33
అక్కా, మరి యూనిట్ల ప్రకారం చూడొచ్చు కదా? అదనంగా వచ్చినవి 230. మొత్తంలో ఆ వంతు మేమిద్దరం కడతాం, మిగిలింది నలుగురం.

శ్రావణి, 10:37
అలా అయితే మా ఇద్దరికీ తలా 346 వస్తుంది. కానీ 7.70, 9 రేట్లు పడిందే ఏసీ వల్ల కదమ్మా. వాటిని నలుగురికీ సరాసరి చేస్తే ఎలా?

మౌనిక, 10:40
ఫిబ్రవరికీ మేకీ ఒకటేనా అక్కా? ఫ్యాన్లు ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతున్నాయి. ఫ్రిజ్‌కి లోడు ఎక్కువ. కూలర్ ఉండనే ఉంది. మొత్తం తేడా మా మీద వెయ్యడం న్యాయం కాదు.

శ్రావణి, 10:44
అది నిజమే. నేను ఫిబ్రవరి వాటా 220 మీద ఇంకో 30 వేసుకుంటాను, ఎండాకాలానికీ కూలర్‌కీ కలిపి. మా ఇద్దరివీ చెరో 250. మిగిలిన 2,564 మీ ఇద్దరికీ చెరి సగం, 1,282. దివ్యా?

దివ్య, 10:46
ఓకే అక్కా. కూలర్ ఉన్నందుకు నావి 300 అనుకున్నా ఒప్పుకుంటాను. లెక్క ఉంటే చాలు, నాకు డబ్బుతో గొడవ లేదు.

శ్రావణి, 10:47
250 చాలు.

హారిక, 10:49
1,282 కొంచెం గట్టిగానే ఉంది. కానీ రాత్రంతా వేసుకున్నది మేమే. మిగతాది పంపుతాను. వచ్చే నెల నుంచి మాత్రం ఈ అంచనాలు వద్దు. ఏసీ లైన్‌కి సబ్ మీటర్ పెట్టిద్దాం. మా ఆఫీస్ కొలీగ్ వాళ్ల ఫ్లాట్‌లో అలాగే ఉంది, నెలాఖరుకి రీడింగ్ ఫొటో తీసి గ్రూపులో పెడతారు.

మౌనిక, 10:51
మంచిదే. ఓనర్‌ని నేను అడుగుతాను. ఆ ఖర్చు మా ఇద్దరిదీ.

శ్రావణి, 10:53
సరే. చెత్త సంగతి. దివ్యకి ఏడు గంటలంటే అర్ధరాత్రి లెక్క. ఇక నుంచి తను ఆ పని చెయ్యదు. రాత్రి చివరగా తిన్నవాళ్లు తడి, పొడి వేరు చేసి డబ్బాలు గుమ్మం దగ్గర పెట్టాలి. పొద్దున మనం ముగ్గురం వారానికొకరం. ఈ వారం నాది.

హారిక, 10:54
వచ్చే వారం నాది.

దివ్య, 10:56
గ్రైండర్?

హారిక, 10:58
పిండి రుబ్బినవాళ్లే అప్పటికప్పుడు కడగాలి. పనావిడ వచ్చే రోజైనా సరే. దివ్యా, నువ్వు పగలు పడుకున్నప్పుడు మేం మిక్సీ వెయ్యం.

దివ్య, 11:02
థాంక్స్ వే. అద్దె సంగతి నేను చెప్తాను. నాకు జీతం ఏడున పడుతుంది, ఐదుకి చేతిలో ఉండదు. మౌనిక తన డబ్బు పెడుతోందని తెలుసు, ఎలా సర్దాలో తెలియక ఊరుకున్నాను. ఈ నెల జీతం పడగానే నా వాటాతో పాటు రెండు వేలు ఎక్కువ పంపుతాను. అలా ప్రతి నెలా పంపుతూ పోతే ఒక నెల అద్దె ముందే నీ దగ్గర ఉంటుంది. అప్పుడు ఐదో తారీఖు టెన్షన్ ఉండదు.

మౌనిక, 11:05
అంత అవసరం లేదే. ఏడు సాయంత్రానికి వస్తే చాలు. ఓనర్‌ని ఎనిమిదో తారీఖు దాకా ఆగమంటాను. ఒప్పుకోకపోతే అప్పుడు నువ్వన్నట్టు చేద్దాం.

దివ్య, 11:06
సరే. 250 పంపాను, చూడు.

మౌనిక, 11:07
వచ్చింది.

మౌనిక, 11:31
ఓనర్‌తో మాట్లాడాను. సబ్ మీటర్‌కి సరేనన్నారు, ఆయనే ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తారట. శనివారం పదకొండుకి. అద్దె తారీఖు సంగతి ఆలోచించి చెప్తానన్నారు. ఆరోజు ఇంట్లో ఎవరుంటారు?

శ్రావణి, 11:33
దివ్య పడుకుని ఉంటుంది. నేను ఉంటాను.