తొలి తరగతుల పఠన బోధనలో స్కాఫోల్డింగ్: రెండో తరగతి వత్తు పదాల పాఠం

గోడ లేచేదాకా మేస్త్రీ పరంజా కట్టుకుంటాడు. పని పూర్తయ్యాక విప్పేస్తాడు. బోధనలో స్కాఫోల్డింగ్ అన్న మాట ఈ పోలికలోంచే వచ్చింది. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ తమ వ్యాసంలో దాన్ని వాడారు. దీన్ని వైగోట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలంతో కలిపి చదువుతాం. పిల్ల ఒంటరిగా చేయలేనిదీ, కాస్త చేయూత ఉంటే చేయగలిగేదీ ఆ మండలంలో ఉంటుంది. ఊతం ఇవ్వాల్సిన చోటు అదే. అయితే ఊతాన్ని క్రమంగా తీసేయకపోతే దాన్ని స్కాఫోల్డింగ్ అనలేం.

నా బోధనాభ్యాసంలో రెండో తరగతి పిల్లల కోసం బోర్డు మీద ఇలా రాశాను:

ఎద్దు గడ్డి మేసింది. పైన పెద్ద మబ్బు. వాన పడింది. గడ్డి తడిసింది.

ద, డ, బ వత్తులు దాదాపు తల్లి అక్షరంలాగే ఉంటాయి కాబట్టి వాటితో మొదలుపెట్టాను. ఒక పాపకు గుణింతాలు బాగా వచ్చు, వత్తు మాత్రం కంటికి ఆనదు. "ఎదు" అని చదివింది. మొదట నేను తొందరపడి "ఎద్దు" అని అందించాను. తనూ అదే అంది. చదివింది మాత్రం నేనే! పొరపాటు తెలిసి, చిన్న కాగితం ముక్కతో వత్తును కప్పి మళ్లీ అడిగాను.

"ఎదు."

"ఇప్పుడు కాగితం తీశాను. కింద ఏముంది?"

"బుల్లి ద."

"అయితే రెండు ద-లు. నాలుకను పళ్ల దగ్గర ఒక్క క్షణం ఆపి వదులు."

"ఎద్... దు. ఎద్దు! మా తాతకు రెండున్నాయి టీచర్!"

"గడ్డి" దగ్గర కాగితం చేతికిచ్చాను, తనే కప్పి తీసింది. "పెద్ద", "మబ్బు" దగ్గర "కింద చూశావా?" అన్నాను, అంతే. చివరి వాక్యంలో "గడి" అని, ఆగి, "గడి తడవదు కదా" అని వెనక్కి వెళ్లి తనే సరిచేసుకుంది. ఆ క్షణంలో నోరు మెదపకుండా ఉండడం నాకు అన్నిటికన్నా కష్టమైంది.

పక్కనున్న బాబుకు ఈ కాగితం పనికిరాలేదు. అతనికి ద, డ అక్షరాలే కలిసిపోతున్నాయి. అక్కడ వత్తు నేర్పడమంటే మండలం దాటి పోవడమే. అతనితో ఇసుక పళ్లెంలో ఆ రెండక్షరాలూ రాయించాను.

"గడ్డి" అప్పటికే ఒకసారి వచ్చిన పదం, పాప జ్ఞాపకం మీద చెప్పి ఉండొచ్చు. అందుకే మర్నాడు కొత్త పదాలిచ్చాను. "ముద్ద", "సబ్బు" కాగితం లేకుండానే చదివింది. "అత్త" దగ్గర ఆగిపోయింది. త వత్తు రూపం తల్లి అక్షరాన్ని పోలదు, కప్పి తీసినా గుర్తు దొరకదు. దానికి త, త వత్తు పక్కపక్కన రాసిన కార్డు చేసి ఇచ్చాను. మూడో రోజు కార్డు బల్ల మీద బోర్లించి పెట్టాను, కావాలంటే తిప్పి చూసుకోమని చెప్పాను.