మాధవికి, శ్రీకర్‌గారికి అభినందనలు 💐👶

ప్రియమైన మాధవీ, శ్రీకర్‌గారూ,

ఈ తెల్లవారుజామున మీకు పండంటి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డలిద్దరూ క్షేమంగా ఉన్నారనీ పెద్దమ్మగారు ఈ గ్రూపులో పెట్టిన కబురు చూసినప్పటి నుంచి మా ఇంట్లో అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. 🎉 మీ ఇద్దరికీ, మరో మనుమరాలిని ఎత్తుకోబోతున్న పెద్దలందరికీ మా ఇంటిల్లిపాదీ హృదయపూర్వక అభినందనలు తెలుపుతున్నాము. 💐

పాప ముక్కు ఎవరిదన్న చర్చ ఇక్కడ అప్పుడే మొదలైంది గనుక నా మాట కూడా చెబుతున్నాను. ముక్కు శ్రీకర్‌గారిదే అనిపిస్తోంది. కనుబొమలు ముడిచి ఎదుటివాళ్లను తేరిపార చూసే ఆ తీరు మాత్రం అచ్చంగా మాధవిదే, ఎందుకంటే కాలేజీలో ప్రశ్నపత్రం చేతికి రాగానే తను సరిగ్గా ఇలాగే చూసేది. 😄 పసిపిల్లల పోలికలు వారానికొక రకంగా మారుతుంటాయి కాబట్టి తుది తీర్పును పెద్దలు కొంతకాలం వాయిదా వేయవలసిందిగా మనవి.

మాధవీ, ఆఫీసు పనినీ, పెద్దవాడి అల్లరినీ, ఒంటి నలతనూ ఒంటిచేత్తో నెట్టుకొస్తూ కూడా ఈ తొమ్మిది నెలల్లో ఏనాడూ విసుగు చూపని నీ ఓపికను దగ్గర నుంచి చూసినదానిగా, ఇవాళ నాకు సంతోషంతో పాటు చాలా గర్వంగా కూడా ఉంది. ❤️ పుట్టిన కొత్తలో పిల్లలకు జానెడు దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయట. అంటే పాలు తాగేటప్పుడు నీ ముఖమే పాపకు లోకమన్నమాట. 🤱 రెండు మూడు గంటలకొకసారి ఆకలికి లేచే ఆ చిన్నారి కునుకు తీసినప్పుడల్లా నువ్వు కూడా తప్పకుండా పడుకో. ఇక్కడ వచ్చే సందేశాలకు జవాబులు రాసే పని పెట్టుకోవద్దు, వాటిని శ్రీకర్‌గారికే వదిలెయ్యి.

నాలుగేళ్లకే అన్నయ్య హోదా అందుకున్న మన చిన్నూకు ప్రత్యేక అభినందనలు! 👦🎈 చెల్లి తనతో బంతాట ఎప్పుడు ఆడుతుందని వాడు నిన్న ఫోనులో అడిగితే నాకు వెంటనే జవాబు దొరకలేదు. పాపను చూడడానికి వెళ్లేవాళ్లందరికీ నాదొక విన్నపం: గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు వాడిని పలకరించి, వాడి కొత్త హోదా గురించి రెండు మాటలు మాట్లాడి, ఆ తరువాతే ఊయల దగ్గరకు వెళ్లండి. 🥰

మేము మాత్రం మీరు రమ్మన్న రోజునే వస్తాము. జలుబూ దగ్గూ ఉన్నవారిని ఇంట్లోనే ఉంచి, చేతులు శుభ్రంగా కడుక్కున్నాకే పాపను ఎత్తుకుంటాము. ఈలోగా చిన్నూను ఒక పూట మా ఇంటికి పంపాలనిపించినా, రాత్రివేళ ఏదైనా అవసరం పడినా మొహమాటపడకుండా ఫోను చేయండి.

బంగారు తల్లి ఆయురారోగ్యాలతో, నిండు నూరేళ్లూ చల్లగా వర్ధిల్లాలని మనసారా ఆశీర్వదిస్తున్నాము. 🌸👣🙏

ప్రేమతో,
శ్రావణి, మా ఇంటిల్లిపాదీ 💖