విషయం: రెండుసార్లు కట్ అయిన రిటర్న్ ఛార్జీ, కనీస నిల్వ జరిమానా వాపసు – 14-10-2025 నాటి ఫోను మాటలకు రాతపూర్వక నిర్ధారణ (సర్వీస్ రిక్వెస్ట్ నం. 510143826)

శాఖ మేనేజర్ గారికి, హన్మకొండ శాఖ
ప్రతి: కస్టమర్ కేర్ విభాగం

15 అక్టోబరు 2025

అయ్యా,

నా పొదుపు ఖాతా (చివరి నాలుగు అంకెలు 4417) గురించి నిన్న, మంగళవారం ఉదయం 11:20కి, రిజిస్టరైన నా మొబైల్ నుంచి మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. 14 నిమిషాలు మాట్లాడాం. మొదట మాట్లాడిన ఉద్యోగిని ఐడీ 7308. తర్వాత లైను ఆమె సూపర్‌వైజరుకు కలిపారు. ఒప్పుకున్న సంగతులు ఇవి.

సెప్టెంబరు 10న రూ. 6,850 ఈఎంఐ నాచ్ ద్వారా వచ్చినప్పుడు ఖాతాలో రూ. 6,140 మాత్రమే ఉన్నాయి. రిటర్న్ అయింది. ఆ రోజు పడ్డ రూ. 590 (ఛార్జీ 500, జీఎస్టీ 90) న్యాయమైనదే, దాన్ని వాపసు అడగలేదు, అడగను కూడా. కానీ 11వ తేదీన మళ్లీ రూ. 590 కట్ అయింది. స్టేట్‌మెంటులో రెండు వరుసల్లోనూ ACH RTN CHG 100925 అనే ఉంది, మాండేట్ నంబరూ ఒకటే. అప్పు ఇచ్చిన సంస్థ ఖాతా వివరాల్లో ఆ నెల ఒక్క ప్రెజెంటేషనే కనిపిస్తోంది. ఒక రిటర్న్‌కు రెండు ఛార్జీలు పడ్డాయని మీ ఉద్యోగిని తన స్క్రీన్ మీద చూసి ఒప్పుకున్నారు. ఈ రెండో రూ. 590 పూర్తిగా వెనక్కి వేస్తామన్నారు.

అక్టోబరు 3న సెప్టెంబరు నెలకు కనీస నిల్వ జరిమానాగా పడ్డ రూ. 118 (100, జీఎస్టీ 18) కూడా వాపసు ఇస్తామన్నారు. దీనికి రెండు కారణాలు. మీ లెక్కలో నా నెల సగటు రూ. 4,702, ఉండాల్సింది 5,000. అనవసరంగా తీసిన 590 సెప్టెంబరు 11 నుంచి 30 దాకా 20 రోజులు ఖాతాలో లేకుండా పోయింది. 590 x 20 ÷ 30 = 393. అది కలిపితే సగటు రూ. 5,095 అవుతుంది, అంటే జరిమానా పడేదే కాదు. ఇక రెండోది, నిల్వ తగ్గిందని ముందుగా తెలిపి, సరిచేసుకోవడానికి నెల గడువు ఇచ్చాకే జరిమానా వేయాలని రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20 నాటి సర్క్యులర్‌లో చెప్పింది. నాకు అలాంటి మెసేజ్ పంపినట్టు రికార్డు లేదని సూపర్‌వైజరే చూసి చెప్పారు.

మొత్తం రూ. 708. మొదట రూ. 600 మాత్రమే వస్తుందని, జీఎస్టీ రాదని ఉద్యోగిని అన్నారు. తప్పుగా వేసిన ఛార్జీ మీద పన్ను మాత్రం ఎలా మిగులుతుందని అడిగితే, జీఎస్టీ 108తో సహా వస్తుందని సూపర్‌వైజరు చెప్పారు. కనుక రూ. 600 మాత్రమే జమ చేసి ఫిర్యాదు మూసేస్తే ఒప్పుకోను.

గడువు ఏడు పనిదినాలు. ఆదివారం 19, దీపావళి 20 తీసేస్తే అది అక్టోబరు 23, గురువారం.

ఇంకో చిక్కు ఉంది. జమను పాత తేదీతో వేయడం కుదరదని అన్నారు. అలాగైతే 590 అక్టోబరు 1 నుంచి, 118 మూడో తేదీ నుంచి, 22 దాకా ఖాతాలో లేనట్టే లెక్క. అక్టోబరు సగటు ఆ మేరకు దాదాపు రూ. 495 తగ్గుతుంది. దానివల్ల నవంబరులో మళ్లీ జరిమానా పడితే, కొత్త ఫిర్యాదు అక్కర్లేకుండా ఈ నంబరు మీదే వెనక్కి ఇస్తామని సూపర్‌వైజరు చెప్పారు. నాకు 708 కంటే ఈ మాటే ముఖ్యం, దీన్ని సర్వీస్ రిక్వెస్ట్‌లో రాసి ఉంచండి.

తేలనిది ఒకటి. దీన్ని "ఒకసారి ఇచ్చే మినహాయింపు"గా నమోదు చేస్తామని ఉద్యోగిని అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇది దయ తలచి వదిలేసింది కాదు, పొరపాటు దిద్దుబాటు. మినహాయింపు అని పడితే రేపు నిజంగా అడగాల్సి వచ్చినప్పుడు "ఇదివరకే వాడుకున్నారు" అంటారు. కారణం దగ్గర ఏమి రాస్తారో వారు ఖచ్చితంగా చెప్పలేదు.

పై మాటల్లో మీ రికార్డుకు తేడా ఉంటే ఏది తేడానో 23లోగా ఇదే మెయిలుకు జవాబుగా తెలపండి. నిన్నటి కాల్ రికార్డింగును ఈ ఫిర్యాదు ముగిసేదాకా చెరిపేయకుండా ఉంచమని కోరుతున్నాను. ఈ మెయిలు చేరిన 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే cms.rbi.org.inలో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాను.

జత: సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 14 వరకు స్టేట్‌మెంటు (మూడు వరుసలకు గుర్తు పెట్టాను), ఈఎంఐ ఖాతా వివరాలు, నిన్నటి కాల్ వివరాల స్క్రీన్‌షాట్.

ఇట్లు,
కె. సమ్మయ్య
ఖాతాదారు, హన్మకొండ