కుట్టు మిషన్ షార్ట్ ఫిల్మ్: సంగీతానికి బ్రీఫ్

నమస్కారమండీ. లాక్ అయిన ఎడిట్ పంపాను. 9 నిమిషాల 40 సెకన్లు, సెకనుకి 24 ఫ్రేములు, టైమ్‌కోడ్ తెర మీదే ఉంది. ఇది చదివే ముందు ఒకసారి సినిమా చూసేయండి.

కథ చిన్నది. నాన్న పోయిన ఏడాదికి కూతురు ఆయన కుట్టు మిషన్ అమ్మేస్తుంది. కొనే మనిషి వచ్చేలోపు తుడిచి, నూనె వేసి, ఒక వరస కుట్టి చూస్తుంది. ఇది దుఃఖం గురించిన సినిమా అనుకుంటారేమో, కాదు. రెండేళ్లు మంచాన ఉన్న తండ్రిని ఒంటరిగా చూసుకున్న మనిషి ఆమె. మిషన్ గుమ్మం దాటగానే ఆమెకి ప్రాణం తేలికవుతుంది. ఆ వెంటనే, తేలికైనందుకు సిగ్గుపడుతుంది. సంగీతం ఆ రెండిటి మధ్యే నిలబడాలి. ఆమె కన్నీళ్లు ఆపుకున్న చోట సంగీతం ఏడిస్తే నటి చేసిందంతా పోతుంది.

మూడు చోట్లే సంగీతం కావాలి, మొత్తం మూడు నిమిషాల లోపే.

1:12 నుంచి 1:50: దుమ్ము తుడవడం. నాలుగైదు స్వరాలు చాలు.

5:05 నుంచి 6:20: కుట్టడం. సినిమాకి ప్రాణం ఇదే. మిషన్ చప్పుడే తాళం, కానీ ఆమె కాలు సమంగా ఆడదు, కాబట్టి క్లిక్ పెట్టుకోకుండా బొమ్మ చూస్తూ వాయించండి. మిషన్ నడుస్తుండగానే ఒక స్వరం మొదలవ్వాలి. చప్పుడు ఆగాకే అది ముందునుంచీ ఉందని మనకి తెలియాలి.

8:35 నుంచి చివరిదాకా: ఖాళీ మూల, తర్వాత పేర్లు. మొదటి స్వరాలే, కాస్త వెలుతురుతో.

రెఫరెన్సులు రెండు. ఆర్వో పార్ట్ 1978లో రాసిన ‘స్పీగెల్ ఇమ్ స్పీగెల్’: పియానో నింపాదిగా మూడేసి స్వరాలు వేస్తుంటే వయొలిన్ ఏ తొందరా లేకుండా సాగుతుంది. ఆ ఓపిక తీసుకోండి. అందులోని ప్రార్థన లాంటి పవిత్రత మాత్రం వద్దు, మన అమ్మాయి అలసిపోయిన మామూలు మనిషి. ఎరిక్ సతీ మొదటి ‘జిమ్నోపెడీ’: వాయించే పద్ధతి దగ్గర ‘నెమ్మదిగా, బాధగా’ అని రాసి ఉన్నా అది ఎక్కడా కుమిలిపోదు. నాకు కావాల్సింది ఆ నిగ్రహం. రెండిటి బాణీలకీ దూరంగా ఉండండి. ఎడిట్‌లో పార్ట్ సంగీతం పెట్టుకుని నెల రోజులు విన్నాను, చెవి దానికి అలవాటు పడిపోయింది. అందుకే మీకు పంపిన కాపీలో తీసేశాను.

బడ్జెట్ తక్కువ కాబట్టి ఒకే వాద్యం, మీరు చేత్తో వాయించేది. పియానో అందుబాటులో లేకపోతే గిటారైనా సరే. కంప్యూటర్ వయొలిన్ల గుంపు వద్దు, ఈ గదిలో అది అబద్ధంలా వినిపిస్తుంది. కుర్చీ కిర్రుమన్నా, మీ ఊపిరి వినిపించినా ఉంచేయండి.

ఫైళ్లు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్‌లో, పేరు `M2_v1_00-05-05.wav` లాగా. రివర్బ్ ఉన్నదొకటి, లేనిదొకటి ఇవ్వండి. డబ్బు ఫోన్‌లో అనుకున్నట్టే: సగం ఈరోజు, మిగతా సగం ఫైనల్ ఫైళ్లు అందిన రోజు. మార్పులు రెండుసార్లకి మించి అడగను. సంగీతం హక్కులు మీవే. ఈ సినిమాతో పాటు ఫెస్టివల్స్‌లో, ఆన్‌లైన్‌లో వాడుకునే అనుమతి మాకు చాలు. తెర మీద మీ పేరు విడి కార్డులో వస్తుంది.

ముందు రెండోది ఒక్కటే ఫోన్‌లో రికార్డు చేసి వచ్చే ఆదివారంలోగా పంపండి. అది కుదిరాకే మిగతా రెండూ మొదలుపెడదాం.